ముప్పై ఏడు దగ్గర ఆగిన నెట్టు

తెనాలిలో మా మేనమామగారింట్లో ఈ తంటా ఆరు నెలలు నడిచింది. పాత ప్లాను 40 ఎంబీపీఎస్. మనవడు సెలవులకు వచ్చినప్పుడల్లా నెట్టు నత్తనడక అని సణుగుతున్నాడని 150 ప్లానుకు మారారు. బిల్లు పెరిగింది. ఫోనులో స్పీడ్ టెస్ట్ కొడితే మాత్రం 37. పొద్దున కొట్టినా 37, అర్ధరాత్రి కొట్టినా 37. మహా అయితే 38. నెట్ కుర్రాడు రెండుసార్లు వచ్చాడు. రౌటర్‌కి వెళ్లే వైరు పీకి తన లాప్‌టాప్‌కి పెట్టుకుని 146 చూపించాడు. "మా వైపు బాగానే ఉంది బాబాయ్ గారూ, మీ రౌటరే పోయింది. కొత్తది వేయించండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

"డబ్బులు పెరిగాయి గానీ నెట్టు పెరగలేదురా అల్లుడూ" అన్నాడు మామయ్య నేను వెళ్లగానే. "2020లో కొన్న పెట్టె అప్పుడే పోతుందా? మన రేడియో ముప్పై ఏళ్లు పాడింది."

రౌటర్ పోలేదేమోనని నాకు ఆ 37 వినగానే అనిపించింది. పాడవుతున్న వస్తువు రోజూ ఒకే అంకె దగ్గర ఆగదు. ఒకసారి 90 చూపిస్తుంది, ఒకసారి 4, ఇంకోసారి అసలు పలకదు. పొద్దున్నా రాత్రీ ఒకే చోట ఆగుతోందంటే లోపల ఎవరో గీత గీసి ఉండాలి.

నెట్టు నెమ్మదించినప్పుడు అంకె ఎంత అన్నదాని కంటే అది ఎలా ప్రవర్తిస్తోందన్నది ఎక్కువ చెబుతుంది. ఉదాహరణకు 94, 95 దగ్గర ఆగిందనుకోండి, అది వైరు గొడవ. లాన్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. వంద దాటి పోవాలంటే నాలుగూ పనిచేయాలి. ఒక్క తీగ తెగినా చాలాసార్లు రెండు కొసలూ మాట్లాడుకుని 100కి దిగిపోతాయి, చేతికి 94 వస్తుంది. చవక రౌటర్లలో రంధ్రాలే 100వి ఉంటాయి, అప్పుడు వైరు మార్చినా లాభం లేదు. సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా మాత్రమే పడిపోతుంటే అది చాలావరకు ఆపరేటర్ వైపు రద్దీ. వైరు మీద బాగుండి వైఫైలో మాత్రమే చచ్చుగా ఉంటే గోడలు, పక్కింటి రౌటర్లు, దూరం. వీటిలో దేన్నీ ఫ్యాక్టరీ రీసెట్ బాగుచేయలేదు. అయినా జనం ముందుగా వెతికేది వెనకాల ఉన్న ఆ గుండుసూది బెజ్జాన్నే.

మామయ్యింట్లో నేను చేసిన మొదటి పని లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలపడం. విండోస్‌లో ఆ కనెక్షన్ వివరాలు తెరిస్తే లింకు వేగం 1000/1000 అని ఉంది. అంటే లాప్‌టాప్ వైపు వైరూ రంధ్రమూ సరిగ్గానే ఉన్నాయి. వైరు మీద టెస్ట్ కొట్టాను. 37. వైఫైలోనూ 37, వైరు మీదా 37. వైఫై తప్పు కాదు. నెట్ కుర్రాడి లాప్‌టాప్‌కి 146 వచ్చింది కాబట్టి లైను తప్పూ కాదు. మిగిలింది రౌటర్ కడుపులో ఉన్నదే.

ఆ కడుపులో ఏముందో కాస్త చెప్పాలి. రౌటర్ లోపల వేలిగోరంత ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. మామూలు ఇంటి రౌటర్లలో దాని సైజు 4, 8, 16 ఎంబీ ఉండటం కద్దు. ఫోనులో మనం తీసే కొన్ని ఫొటోలకే నిండిపోయేంత చోటు. అందులోనే రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి ఫర్మ్‌వేర్, అంటే కంపెనీ రాసిన ప్రోగ్రాము, రౌటర్ ఎలా నడవాలో చెప్పేది. రెండోది మన సెట్టింగులు: వైఫై పేరు, పాస్‌వర్డు, ఆపరేటర్ ఇచ్చిన యూజర్‌నేమ్, ఎవరో ఎప్పుడో నొక్కిన మీటలన్నీ. పాఠ్యపుస్తకమూ, దాని అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న రాతలూ అనుకోండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అంటే పుస్తకాన్ని కొత్త ముద్రణతో మార్చడం. చాలా రౌటర్లు అలా మార్చేటప్పుడు పెన్సిల్ రాతల్ని పోనివ్వకుండా కొత్త పుస్తకంలోకి ఎక్కించేస్తాయి. ఫ్యాక్టరీ రీసెట్ అంటే రబ్బరు పెట్టి ఆ రాతల్ని తుడిచేయడం. పుస్తకం ఏ ముద్రణ ఉందో అదే ఉంటుంది. కొన్న రోజున ఉన్న పాత ఫర్మ్‌వేర్ తిరిగి వస్తుందని కొందరు అనుకుంటారు, రాదు.

రెంటికీ తేడా నాకు తెలిసీ, ఆ రోజు నేను ముందు ఫర్మ్‌వేర్ మీదే పడ్డాను. కారణం ఉంది. ఆ పెట్టెలో ఉన్నది 2020 నాటి ఫర్మ్‌వేరే, ఒక్కసారీ ఎవరూ ముట్టుకోలేదు. నెమ్మదితనం సంగతి ఎలా ఉన్నా అన్నేళ్ల పాతది వీధిలోకి తెరిచి ఉంచడం మంచిది కాదు. 2023లో టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21 రౌటర్లో ఒక లోపం బయటపడింది, దాని నంబరు CVE-2023-1389. కంపెనీ మార్చిలోనే సరిచేసిన ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. ఏప్రిల్‌కల్లా మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాముల ముఠా అప్‌డేట్ కాని పెట్టెల్లోకి దూరడం మొదలైంది. మందు వచ్చాక కూడా వేసుకోనివాళ్లకే జబ్బు తగిలింది.

అప్‌డేట్‌లో అసలు ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఫైలు ముందు రౌటర్ మెమరీలోకి వెళుతుంది. ఇది నా మోడల్ ఫైలేనా అని రౌటర్ చూసుకుంటుంది. కాదంటే తిప్పికొడుతుంది, ఏ నష్టమూ లేదు. ఔనంటే చిప్‌లో పాత ప్రోగ్రామును చెరిపి కొత్తది రాయడం మొదలుపెడుతుంది. ఆ రెండు మూడు నిమిషాలే గండం. అప్పుడు కరెంటు పోతే చిప్‌లో పాతదీ ఉండదు, కొత్తదీ సగమే ఉంటుంది. పెట్టె ఇటుకైపోతుంది. ఇంగ్లీషులోనూ దాన్ని బ్రిక్ అనే అంటారు.

కాబట్టి కరెంటు సంగతి ముందు చూడాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అని మామయ్య ధీమా. మెయిన్ ఆపి చూడమన్నాను. ఫ్యాను ఆగకుండా తిరిగింది గానీ రౌటర్ దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. అంటే ఇన్వర్టర్ అందుకునే లోపల రౌటర్ పడి లేచింది. ఫ్యానుకు ఆ క్షణం లెక్కలోకి రాదు, రౌటర్‌కి అదే ప్రాణం మీదికి వస్తుంది. చాలా ఇన్వర్టర్లకు వెనకాల యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని అటు వేస్తే మారే సమయం తగ్గుతుంది. వేసి మళ్లీ మెయిన్ ఆపాం. ఈసారి దీపాలు కదల్లేదు. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ కోసమే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టెలు దొరుకుతున్నాయి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసుకోవాలి.

తర్వాత ఫైలు. రౌటర్ మెనూలోనే `Check for Upgrade` లాంటి మీట ఉండి అది పనిచేస్తుంటే అదే క్షేమం, తనకు సరిపోయే ఫైలు తానే తెచ్చుకుంటుంది. మామయ్య పెట్టెలో అది ఎప్పటిదాకా తిరిగినా కొత్తదేమీ లేదనే చెప్పింది. అప్పుడు కంపెనీ వెబ్‌సైటుకే వెళ్లాలి, ఇంకెక్కడికీ కాదు. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు హార్డ్‌వేర్ వెర్షన్. ఒకే పేరుతో అమ్మే రౌటర్లో రెండేళ్లకోసారి లోపలి చిప్పులు మారిపోతాయి. పెట్టె అడుగున స్టిక్కర్ మీద మోడల్ పక్కనే `Ver: 2.0` అనో `V3` అనో సన్నగా ఉంటుంది. వెర్షన్ 2 ఫైలు వెర్షన్ 3 పెట్టెకు పనికిరాదు. దేశానికో ఫైలు కూడా ఉంటుంది, మన దగ్గర కొన్న పెట్టెకు మన దేశం సైటులో ఉన్నదే తీసుకోవాలి. దిగిన ఫైలు జిప్ అయితే విప్పాలి, రౌటర్‌కి ఇవ్వాల్సింది లోపలున్న `.bin` ఫైలు.

ఎక్కించేటప్పుడు లాప్‌టాప్‌ని వైరుతోనే కలిపాను. పక్కన ఒక నల్ల కిటికీ తెరిచి ఇది కొట్టి వదిలేశాను.

```
ping -t 192.168.0.1
```

ఆ నంబరు రౌటర్ చిరునామా. కొన్నిటికి `192.168.1.1`, ఇంకోటీ ఉంటుంది, అడుగున స్టిక్కర్ మీదే దొరుకుతుంది. `Reply from 192.168.0.1` అని వరసగా పడుతుంటే పెట్టె బతికే ఉందన్నమాట. `Firmware Upgrade` నొక్కాక ఆ వరస ఆగి `Request timed out` అని పడసాగింది. మామయ్య నా భుజం మీంచి చూస్తున్నాడు. "పోయిందా?" అన్నాడు. పోలేదు, లోపల రాసుకుంటోంది. తెర మీద బారు 100కి చేరి కదలకుండా కూర్చుంటుంది చూడండి, చాలామంది అక్కడే ఓపిక పట్టలేక ప్లగ్గు పీకేస్తారు. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. మూడో నిమిషం దాటాక మళ్లీ `Reply` పడింది. పది నిమిషాలైనా పడకపోతేనే ఆందోళన. అప్పటికీ చాలా పెట్టెల్లో ఆశ ఉంటుంది. రౌటర్‌ని మొట్టమొదట లేపే బూట్‌లోడర్ అనే చిన్న ముక్క మామూలుగా ఈ అప్‌డేట్‌లో చెరగదు. దాని ద్వారా ఫైలు మళ్లీ ఎక్కించే దారి చాలా కంపెనీల పెట్టెల్లో ఉంది. ఏసుస్ అయితే అందుకు `Firmware Restoration` అని విడిగా ఒక ప్రోగ్రామే ఇస్తుంది.

కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. టెస్ట్ కొట్టాను. 37.

మామయ్య ఏమీ అనలేదు, కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు. నిజానికి అది ఆశ్చర్యపోవాల్సిన సంగతి కాదు. పుస్తకం మారింది, పెన్సిల్ రాతలు అలాగే కొత్తదాంట్లోకి వచ్చేశాయి. ఫర్మ్‌వేర్‌తో తీరే నెమ్మదితనం వేరే తరహాగా ఉంటుంది. స్విచ్ ఆపి వేస్తే రెండు మూడు రోజులు బ్రహ్మాండంగా ఉండి, మెల్లగా నీరసించి, మళ్లీ ఆపి వేయాల్సి వస్తుంటుంది. ప్రోగ్రాములో మెమరీ తినేసే లోపమేదో ఉంటే అలా జరుగుతుంది, దాన్ని కంపెనీ మాత్రమే దిద్దగలదు. మనది ఆపి వేసినా 37, వారం తర్వాతా 37. అంటే రాతల్లోనే ఏదో ఉంది.

రీసెట్ బెజ్జంలో పిన్ను గుచ్చేముందు ఫోను తీసి మెనూలో ఇంటర్నెట్ పేజీలన్నీ ఫొటోలు తీసుకున్నాను. కనెక్షన్ రకం `PPPoE` నా, `Dynamic IP` నా? యూజర్‌నేమ్ ఏంటి? `VLAN ID` ఏమైనా ఉందా? పాస్‌వర్డు చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి ఆపరేటర్‌కి ఫోను చేసి ముందే రాసుకోవాలి. తుడిచేశాక ఆదివారం సాయంత్రం వాళ్లు ఫోనెత్తుతారని నమ్మకం లేదు. వైఫై పేరు, పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. రీసెట్ తర్వాత మళ్లీ అవే పెడితే ఇంట్లో ఫోన్లు, టీవీ, గేటు దగ్గర కెమెరా దేన్నీ ముట్టుకోకుండా వాటంతటవే కలుస్తాయి. అలవాటు కొద్దీ `Backup` నొక్కి సెట్టింగుల ఫైలు కూడా లాప్‌టాప్‌లో దాచాను.

రౌటర్ వెలుగుతుండగానే పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టాలి, దీపాలన్నీ ఒక్కసారి మిణుకుమన్నాక వదలాలి. చాలామంది స్విచ్ ఆపి నొక్కుతారు, అప్పుడది రీసెట్ కాదు. వదిలాక రెండు నిమిషాలు ఆగాను. ఫొటో చూసి యూజర్‌నేమ్, పాస్‌వర్డు కొట్టాను. ఇంటర్నెట్ దీపం నారింజ రంగులోనే ఉండిపోయింది.

ఇది మన ఊళ్లలో బాగా ఎదురయ్యే చిక్కు. కొందరు ఆపరేటర్లు కనెక్షన్ ఇచ్చిన రోజున ఏ పెట్టె కలిసిందో దాని మ్యాక్ అడ్రసు, అంటే నెట్‌వర్కులో ఆ పెట్టెకున్న పన్నెండు అక్షరాల గుర్తు, తమ దగ్గర రాసుకుంటారు. వేరే గుర్తుతో వస్తే లోపలికి రానివ్వరు. ఇంట్లో ఇంతకు ముందున్న పాత రౌటర్ గుర్తునే ఈ కొత్తదానికి తగిలించి వెళ్లాడు అప్పట్లో వచ్చిన కుర్రాడు. రీసెట్‌తో ఆ ముసుగు పోయింది. నా ఫొటోల్లో నాలుగోది `MAC Clone` పేజీ. అందులో ఉన్నది కొట్టి సేవ్ చేశాను. దీపం పచ్చబడింది.

టెస్ట్ కొట్టాను. 141.

మామయ్య కళ్లద్దాలు పైకి తోసుకుని రెండోసారి కొట్టమన్నాడు. 143. కాఫీ వచ్చింది, పెరట్లోకి వెళ్లి కూర్చున్నాం. పావుగంటకి మనవడు బయటికొచ్చి మళ్లీ 37 చూపిస్తోందన్నాడు. నేను విస్తుపోయి లోపలికి వెళితే వాడు గర్వంగా చెప్పాడు: పోర్టుల సెట్టింగులూ, కెమెరా సెట్టింగులూ అన్నీ మళ్లీ కొట్టక్కర్లేకుండా ఇందాక నేను దాచిన బ్యాకప్ ఫైలు తానే ఎక్కించేశాడట.

వాడి మీద కోపం రాలేదు. అంతకంటే మంచి రుజువు నేను కావాలని చేసినా దొరికేది కాదు. తుడిస్తే పోయింది, పాత రాతలు తెస్తే వచ్చింది. ఇక ఒక్కో పేజీ తెరిచి చూస్తే `QoS` దగ్గర దొరికింది. ఆ సెట్టింగు పని ఏమిటంటే ఉన్న నెట్టును ఇంట్లోవాళ్లకు పంచడం: ఎవరి ఫోను ముందు, ఎవరిది తర్వాత అని. అలా పంచాలంటే మొత్తం ఎంత ఉందో రౌటర్‌కి చెప్పాలి. `Total Bandwidth` ఎదురుగా 40 అని ఉంది. 2020లో ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో మా బావ, పిల్లల క్లాసు మధ్యలో ఆగిపోతోందని, వాళ్ల ట్యాబ్‌లకు ముందు వంతు ఇచ్చి ప్లాను ప్రకారం 40 అని కొట్టాడు. అప్పటికది సరైన అంకే. తర్వాత ప్లాను 150 అయింది, రౌటర్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. 40కి మించి రానివ్వకుండా అది కాపలా కాస్తూనే ఉంది. అందులో లెక్కల మోత పోను మనకి మిగిలేది 37.

40 తీసి ఊరుకుంటే చాలు, రీసెట్ అవసరమే లేదు కదా అంటారా? నిజమే. కానీ ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు రీసెట్ మంచి పరీక్ష. తుడిచిన వెంటనే, ఇంకే మీటా ముట్టుకోకముందు, వైరు మీద ఒకసారి కొలవాలి. బాగుపడితే జబ్బు రాతల్లో ఉంది. బాగుపడకపోతే లైనులోనో, వైరులోనో, పెట్టె శక్తిలోనో ఉంది, ఎన్నిసార్లు పిన్ను గుచ్చినా ప్రయోజనం లేదు. బాగుపడినప్పుడు మాత్రం పాత బ్యాకప్ ఎక్కించకూడదు. అవసరమైనవి చేత్తో ఒక్కొక్కటే కొట్టుకుంటూ మధ్యమధ్యలో కొలుచుకుంటే దొంగ ఏ పేజీలో ఉన్నాడో అక్కడే దొరుకుతాడు.

రాతల్లో దాక్కునే దొంగ ఎప్పుడూ మనవాళ్లు రాసిందే కానక్కర్లేదు. స్పీడ్ టెస్ట్ బాగానే ఉండి, ఏ పేజీ తెరిచినా ముందు రెండు మూడు సెకన్లు ఖాళీగా నిలబడిపోతుంటే `DNS` పేజీ చూడండి. సైటు పేరును చిరునామాగా మార్చే సర్వర్ నంబర్లు అక్కడుంటాయి. మీరూ ఆపరేటరూ పెట్టని నంబరు కనిపిస్తే బయటివాడెవడో రౌటర్ పాస్‌వర్డు `admin` అనే ఉందని కనిపెట్టి మార్చి ఉండొచ్చు. 2018 మేలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ అయితే ఏకంగా ప్రోగ్రామే. 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల పరికరాల్లో దూరింది. అప్పుడు అమెరికా ఎఫ్‌బీఐ అందరినీ రౌటర్ ఒకసారి ఆపి వేయమంది. ఆపి వేస్తే దాని పై భాగాలు పోయేవి గానీ మొదటి దశ చిప్‌లోనే కూర్చుని మళ్లీ మిగతావాటిని పిలుచుకునేది. దాన్ని వదిలించడానికి ఫ్యాక్టరీ రీసెట్ కావాల్సి వచ్చింది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు రెండూ చేయాలి: ముందు రీసెట్, వెంటనే కొత్త ఫర్మ్‌వేర్, ఆపైన మెనూకి కొత్త పాస్‌వర్డు.

ఈ కథంతా మనం డబ్బులిచ్చి కొన్న రౌటర్‌కి. ఫైబర్ కనెక్షన్లో ఆపరేటర్ ఇచ్చే తెల్ల పెట్టె ఓఎన్‌టీ వేరు. సన్నటి గాజుతీగ వచ్చి కలిసేది దానికే. వైఫై కూడా చాలా ఇళ్లలో దాన్నుంచే వస్తుంది. దాని ఫర్మ్‌వేర్‌ని మామూలుగా ఆపరేటరే దూరం నుంచి మారుస్తాడు, మనం ఫైలు వెతుక్కోవాల్సిన పని లేదు. దాన్ని రీసెట్ చేస్తే యూజర్‌నేమ్‌తో పాటు వాళ్లు లోపల పెట్టిన `VLAN` అంకెలు కూడా పోవచ్చు. ఆ అంకెలు మన దగ్గర ఉండవు. వాళ్ల మనిషి వచ్చేదాకా ఇల్లంతా చీకటి. దానికీ బెజ్జం ఉంటుంది, పిన్ను దూరుతుంది, అదే ప్రమాదం.

వచ్చేముందు మామయ్యింటి లాప్‌టాప్‌లోంచి ఆ పాత బ్యాకప్ ఫైలు తీసేశాను. కొత్తది చేసి పేరులో తేదీ, 150 అన్న అంకె పెట్టాను. రౌటర్ అడుగున స్టిక్కర్ పక్కనే మామయ్య తెల్ల కాగితం ముక్క ఒకటి అంటించి తన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు: "ప్లాను మారిస్తే బావగాడి 40 ఉందేమో చూడవలెను."